కొల్లాజెన్ పొడి ఏడాదికి పైగా వాడాక: డబ్బా వెనుక చిన్న అక్షరాల సంగతి

మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు పట్టేసినట్టు నొప్పి పెడుతుండటంతో కొల్లాజెన్ పొడి మొదలుపెట్టాను. చర్మం కూడా బాగుపడుతుందేమోనన్న ఆశ తరవాత చేరింది. ఏడాది దాటిపోయింది. ఈ పొడి పనిచేస్తుందా లేదా అన్నదాని మీద నాకు ఒక అభిప్రాయం ఉంది, అది కింద చెబుతాను. అయితే ఇంతకాలం వాడాక నాలో మిగిలిన బలమైన భావం ఆ ఫలితం గురించినది కాదు. నోట్లో వేసుకుంటున్నది ఏ జంతువుది, ఆ జంతువులో ఏ భాగం అన్న సాదా ప్రశ్నకు డబ్బా మీద సూటిగా జవాబు దొరకకపోవడమే నా ఫిర్యాదు.

కొల్లాజెన్ జంతు శరీరంలోనే తయారయ్యే ప్రోటీన్. ఏ మొక్కలోనూ ఉండదు. "శాకాహార కొల్లాజెన్" అన్న పేరుతో అమ్మేవాటిలో సాధారణంగా సి విటమిన్, కొన్ని అమైనో ఆమ్లాలు, మొక్కల సారాలు ఉంటాయి. అవి శరీరం తన కొల్లాజెన్‌ను తాను తయారు చేసుకోవడానికి తోడ్పడతాయని అమ్మేవారి వాదన. అసలు పొడికి ముడిసరుకు ప్రధానంగా మాంసం, చేపల పరిశ్రమల్లో మిగిలిపోయే భాగాలే. పశువుల తోలును పొరలుగా చీల్చినప్పుడు నున్నని పై పొర చెప్పులకూ సంచులకూ పోతుంది, కింది పొర జెలటిన్, కొల్లాజెన్ కర్మాగారాలకు వెళుతుంది. పంది చర్మం కూడా పెద్ద వనరే. ఎముకలైతే ముందుగా ఆమ్లంలో నానబెట్టి ఖనిజాలను తొలగిస్తారు. చేపల విషయంలో ముక్కలు కోసి డబ్బాలకెక్కించే చోట మిగిలిన చర్మం, పొలుసులు వాడతారు. కీళ్ల మందుగా అమ్మే, టైప్-2 అని పిలిచే రెండో రకం కొల్లాజెన్ ఎక్కువగా కోడి రొమ్ము ఎముక చివర ఉండే మృదులాస్థి నుంచి వస్తుంది.

ఈ భాగాలను సున్నంతోనో ఆమ్లంతోనో శుద్ధి చేసి, వేడినీటిలో ఉడికిస్తే కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. దాన్ని ఎంజైములతో ఇంకా చిన్న ముక్కలుగా కత్తిరించి, వడపోసి, వేడి గాలిలో తుంపరగా చల్లి ఆరబెడితే తెల్లని పొడి వస్తుంది. ఆ ముక్కలనే పెప్టైడ్లు అంటారు. జెలటిన్ చల్లారితే గడ్డకడుతుంది, పెప్టైడ్ల పొడి గడ్డకట్టదు. చల్లటి నీళ్లలో కూడా కరిగిపోయే గుణం దానికి అందుకే వస్తుంది. మొదటి నెలల్లో నేను అడిగినవారికీ అడగనివారికీ ఈ గుణాన్నే మెచ్చుకుంటూ చెప్పాను: రుచి లేదు, వాసన లేదు, ఎందులో కలిపినా తెలియదు అని. ఆ మాట ఇప్పటికీ చాలావరకు నిజమే, కానీ చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పోస్తే ఉండలు కడుతుంది, మూత తీసిపెడితే గాలిలోని తేమను పీల్చి చెంచాకు అతుక్కుంటుంది. పైగా రుచీ వాసనా లేకపోవడం సరుకు స్వచ్ఛమైనదని చెప్పే గుర్తు కాదు. ఎంత బాగా వడపోశారో మాత్రమే అది చెబుతుంది. ముడిసరుకు ఏదో దాన్నిబట్టి తెలియదు.

ఇక జరిగిన సంగతి చెబుతాను. నేను, మా అక్క ఒకే డబ్బా పంచుకునేవాళ్లం. అక్క పశువుల నుంచి గానీ పంది నుంచి గానీ వచ్చినదేదీ తీసుకోదు. చేపలు తింటుంది. అందుకని చేప కొల్లాజెన్ అని స్పష్టంగా రాసి ఉన్న ఒక కంపెనీ పొడిని ఎంచుకున్నాం. కొన్ని డబ్బాలు నిశ్చింతగా గడిచాయి. తరవాత తెప్పించిన డబ్బా చూడటానికి అచ్చం పాతదే: అదే నీలం రంగు, అదే అల బొమ్మ, అదే మూత. అక్క వేడినీళ్లలో ఒక చెంచా కలిపి ముఖం దగ్గరకు తీసుకుని ఆగిపోయింది. "ఇది చేపదేనా? వాసన తేడాగా ఉందే" అంది. నేనూ చూశాను. ఇదివరకటి డబ్బాలో ఆవిరి మీద ఎక్కడో లీలగా సముద్రపు వాసన తగిలేది, ఇప్పుడు తడిసిన తోలు వాసన వస్తోంది. నురుగు కూడా ఎక్కువగా కట్టింది. వాసనను బట్టి తేల్చేయడం సరికాదని నేను వాదించాను, ఎందుకంటే శుద్ధి పద్ధతి మారితే వాసన మారవచ్చు.

అప్పుడు పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టి వెనుక భాగం చదివాం. పాతదాని మీద పదార్థాల జాబితాలో "చేప కొల్లాజెన్ పెప్టైడ్లు" అని ఉంది, కొత్తదాని మీద "హైడ్రోలైజ్డ్ కొల్లాజెన్ పెప్టైడ్లు", అంటే చిన్న ముక్కలుగా కత్తిరించిన కొల్లాజెన్, అని మాత్రమే ఉంది. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే "మెరైన్" అన్న మాట మాయమై, దాని చోట "మల్టీ" అని వచ్చింది. ఇవన్నీ కంటికి ఆనేవే అయినా నాకు సందేహం తీర్చింది మరొకటి. పాత డబ్బా మీద పదార్థాల జాబితా కింద, అలెర్జీ ఉన్నవారి కోసం, "ఇందులో చేప ఉంది" అన్న వాక్యం ఉండేది. కొత్తదాని మీద ఆ వాక్యమే లేదు. చాలా దేశాల్లో చేపను అలెర్జీ కలిగించే పదార్థంగా ప్రకటించి తీరాలన్న నియమం ఉంది, పశువుల తోలుకు అలాంటి నియమం లేదు. కాబట్టి చేప నిజంగా ఉన్నంతకాలం ఆ వాక్యం ఉండాల్సిందే, అది తొలగిపోయిందంటే చేప కూడా తొలగిపోయిందని అర్థం చేసుకోవచ్చు. డబ్బా ముందువైపు బొమ్మలను అమ్మకాల విభాగం చూసుకుంటుంది గానీ ఈ ఒక్క వాక్యం చట్టానికి భయపడి వేసేది, అందుకే దాని మీద నాకు నమ్మకం ఎక్కువ.

కంపెనీకి రాశాను. మొదటి జవాబులో "అత్యున్నత నాణ్యత గల హైడ్రోలైజ్డ్ కొల్లాజెన్" అనే మాట మూడు రకాలుగా చెప్పారు, జంతువు పేరు ఒక్కసారి కూడా రాలేదు. రెండోసారి డబ్బా అడుగున ముద్రించిన బ్యాచ్ నంబరు ఇచ్చి, ఆ బ్యాచ్‌కు సంబంధించిన విశ్లేషణ పత్రం పంపమన్నాను. ప్రశ్నను కూడా తప్పించుకోవడానికి వీలు లేకుండా అడిగాను: ఏ జంతువు, ఏ భాగం, మీ దగ్గర ఎప్పటినుంచి మారింది? ఈసారి పత్రం వచ్చింది. అందులో "మూలం" అన్న గడిలో పశువుల తోలు అని ఉంది. చేప సరఫరాలో ఇబ్బంది వల్ల మార్చామని, "మల్టీ" అన్న మాటతో ఆ మార్పును తెలియజేశామని ఒక మర్యాదపూర్వకమైన వాక్యం జోడించారు. డబ్బు వెనక్కి ఇచ్చారు, కాదనను. అక్క అప్పటికే కొన్ని రోజులు తాగేసింది. దానికి మాత్రం ఏ వాపసూ లేదు.

ఇంట్లో పరీక్షించి తెలుసుకోగలమా అని చాలామంది నన్ను అడిగారు. తెలుసుకోలేం. వేడినీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టిందా లేదా అన్నదాన్నిబట్టి అది జెలటినా, పెప్టైడ్లా అని మాత్రమే తేలుతుంది. రంగు, కరిగే వేగం కూడా మూలాన్ని చెప్పవు. ప్రయోగశాలల్లోనూ ఇది తేలికేమీ కాదు. అంత ఉడికించి, కత్తిరించి, ఆరబెట్టాక డీఎన్‌ఏ చాలావరకు చెదిరిపోతుంది కనుక ఆ పరీక్ష తరచుగా విఫలమవుతుంది. అప్పుడు పెప్టైడ్ ముక్కలను మాస్ స్పెక్ట్రోమెట్రీతో తూచి, ఒక్కో జంతువుకు ప్రత్యేకంగా ఉండే వరుసలను వెతకాలి. వాడేవారికి ఆ అవకాశం లేదు కాబట్టి పత్రం అడగడమే దారి.

పేర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. "మెరైన్" అని రాసినంత మాత్రాన సముద్రపు చేప అనుకోనక్కరలేదు, చెరువుల్లో పెంచే తిలాపియా, పంగాసియస్ వంటి మంచినీటి చేపల చర్మం నుంచి తీసినది కూడా అదే పేరుతో అమ్ముడవుతుంది. గుళికల రూపంలో కొనేవారు ఇంకొకటి చూడాలి. లోపల ఉన్నది చేప కొల్లాజెనే అయినా గుళిక తొడుగు పశువుల లేదా పంది జెలటిన్‌తో చేసినది కావచ్చు, అది జాబితా చివరన ఒక్క మాటలో ఉంటుంది. "మల్టీ" అని ఐదు మూలాలు రాసిన డబ్బాల్లో పదార్థాలను సాధారణంగా బరువు తగ్గే క్రమంలో రాస్తారు కనుక మొదట ఉన్నదే ఎక్కువ. కోడి, గుడ్డు పెంకు లోపలి పొర వంటివి చివరన ఉంటే, అవి చిటికెడే ఉన్నాయా అన్నది కంపెనీ విడిగా చెబితే తప్ప తెలియదు.

ఇక పనితీరు. ముందుగా చర్మం. తిన్న కొల్లాజెన్ నేరుగా ముఖానికి వెళ్లి అతుక్కోదు. జీర్ణమై అమైనో ఆమ్లాలుగా, కొన్ని చిన్న పెప్టైడ్లుగా విడిపోతుంది. ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ జంట వంటి కొన్ని ముక్కలు చెక్కుచెదరకుండా రక్తంలోకి చేరతాయన్నది కొలిచి చూసిన సంగతే. అవి చర్మంలోని కణాలకు "ఇంకా తయారు చేయండి" అన్న సంకేతంగా పనిచేస్తాయన్నది ప్రతిపాదన. దీని మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం రోజుకు రెండున్నర నుంచి పది గ్రాముల వరకు, రెండు మూడు నెలల పాటు ఇచ్చి, చర్మాన్ని చిన్న గొట్టంతో పీల్చి వదిలి అది ఎంత వేగంగా వెనక్కి వెళుతుందో, పై పొరలో తేమ ఎంత ఉందో యంత్రాలతో కొలిచాయి. అన్నింటినీ కలిపి చూసిన సమీక్షల్లో తేమ, సాగే గుణం కాస్త మెరుగైనట్టు కనిపిస్తుంది. అయితే 2025లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన సమీక్ష 23 ప్రయోగాలను, అంటే 1,474 మందిని, రెండు గుంపులుగా విడదీసి చూసింది. కంపెనీల డబ్బుతో జరిగిన వాటిలో ఫలితం ఉంది. ఆ డబ్బు లేకుండా జరిగినవాటిలో తేమ మీదా, సాగే గుణం మీదా, ముడతల మీదా చెప్పుకోదగిన ప్రభావం లేదు. నాణ్యత ఎక్కువున్న ప్రయోగాల్లోనూ అంతే. అంతకు చాలా ముందే, 2013లో, ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఒక ప్రసిద్ధ కొల్లాజెన్ పెప్టైడ్‌కు చర్మపు సాగే గుణం విషయంలో కోరిన ఆరోగ్య ప్రకటనను ఆధారాలు చాలవని తిరస్కరించింది.

నా ముఖం విషయానికొస్తే, మొదట్లో చర్మం మెత్తబడిందని నేను నమ్మాను, కొందరితో అన్నాను కూడా. ఆ నెలల్లోనే ఎండకు రాసుకునే క్రీము క్రమం తప్పకుండా వాడటం మొదలుపెట్టాను, పొడిగాలుల కాలం కూడా అప్పుడే పోయింది. ఏది దేని వల్లో విడదీసి చెప్పే స్థితిలో నేను లేను. గోళ్లు మాత్రం నిజంగానే తక్కువగా విరిగాయి. ఆ మాటకు ఆధారంగా చాలామంది 2017 నాటి ఒక ప్రయోగాన్ని చూపిస్తారు. అందులో పాల్గొన్నది 25 మంది, పోల్చి చూడటానికి ఉత్తుత్తి పొడి ఇచ్చిన గుంపే లేదు. కాబట్టి నా గోళ్ల సంతోషాన్ని నేనే కొంచెం తగ్గించుకున్నాను.

మోకాలి కథ ఇంకా చిక్కుగా ఉంది, ఎందుకంటే కీళ్ల పేరుతో అమ్మేవి రెండు వేరువేరు వస్తువులు. ఒకటి నేను వాడిన పెప్టైడ్ల పొడి, దాని మోతాదు రోజుకు పది గ్రాముల చుట్టూ ఉంటుంది. రెండోది ఉడికించకుండా, కత్తిరించకుండా, మూడు పోగుల మెలిక చెదరకుండా తీసిన కోడి మృదులాస్థి కొల్లాజెన్, దాని మోతాదు రోజుకు కేవలం 40 మిల్లీగ్రాములు. అంత తక్కువతో మృదులాస్థికి ముడిసరుకు అందించడం అసాధ్యం, దాని ఆలోచనే వేరు. చిన్నపేగులోని రోగనిరోధక కణాలు ఆ ప్రోటీన్‌ను పదేపదే చూసి, కీలులో ఉన్న అదే ప్రోటీన్ మీద దాడి తగ్గిస్తాయన్నది సిద్ధాంతం. అలా జరగాలంటే మెలిక చెదరకూడదు, అంటే దాన్ని వేడి పానీయంలో కలపడం అర్థం లేని పని. "రెండో రకం కూడా ఉంది" అని గొప్పగా రాసుకునే మల్టీ పొడుల్లో ఉన్నది సాధారణంగా కత్తిరించిన రెండో రకమే, కనుక 40 మిల్లీగ్రాముల ప్రయోగాల ఫలితాలు దానికి వర్తించవు. ఒక కంపెనీ ప్రతినిధి ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి నాకు వివరించబోతే విసుగొచ్చింది.

ఆధారాలు ఎలా ఉన్నాయంటే, ఉడికించని రకం మీద 2016లో 191 మందిని ఆరు నెలలు పరిశీలించిన ప్రయోగం మోకాలి నొప్పి, బిగుతు తగ్గాయని చెప్పింది, దాని వెనుక ఉన్నది ఆ పదార్థాన్ని తయారు చేసే సంస్థే. పెప్టైడ్ల మీద 2008లో క్రీడాకారులకు 24 వారాలు పది గ్రాములిచ్చి చేసిన ప్రయోగంలో నొప్పి కొంత తగ్గింది. ఐరోపా సంస్థ మాత్రం 2011లో కీళ్ల సంరక్షణ అన్న ప్రకటనను ఒప్పుకోలేదు, కారణానికీ ఫలితానికీ సంబంధం రుజువు కాలేదని తేల్చింది. నొప్పి కొద్దిగా తగ్గవచ్చు అనేంతవరకు అంగీకరించడానికి నాకు అభ్యంతరం లేదు. అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగుతుంది అన్న మాటను మాత్రం ఏ డబ్బా మీద చూసినా ఆ డబ్బాను కింద పెట్టేస్తాను.

నా మోకాలు తగ్గింది, మెట్లు దిగేటప్పుడు ఇప్పుడు చేయి పట్టుకోవాల్సిన పని లేదు. పొడి మొదలుపెట్టిన కాలంలోనే ఫిజియోథెరపిస్టు నాకు తొడ ముందు కండరం బలపడే వ్యాయామాలు నేర్పారు, వాటిని వదలకుండా చేశాను. మరో విచిత్రమేమిటంటే, డబ్బా గొడవ వల్ల పొడి పూర్తిగా ఆగిపోయిన వారాల్లో నొప్పి తిరిగి రాలేదు. వ్యాయామం మానేసిన ఒక ప్రయాణంలో మాత్రం కొంచెం పలకరించింది. దీన్ని ప్రయోగమని ఎవరూ అనరు, కానీ నా డబ్బు ఎక్కడ పెట్టాలో ఎంచుకోవడానికి అది నాకు పనికొచ్చింది.

మొదట్లో ఈ పొడిని ప్రోటీన్ కోసం కూడా మెచ్చుకున్నాను. డబ్బా మీద పది గ్రాములకు తొమ్మిది గ్రాముల ప్రోటీన్ అని ఉంటుంది, లెక్క సరైనదే. ఆ ప్రోటీన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం లేదు. అందుకే ప్రోటీన్ నాణ్యతను కొలిచే ప్రామాణిక పద్ధతిలో దానికి సున్నా వస్తుంది. భోజనంలో వేరే ప్రోటీన్ ఉన్నవారికి ఇది సమస్య కాదు, భోజనానికి బదులు దీన్ని తాగేవారికి సమస్యే. మరొకటి, హైడ్రాక్సీప్రోలిన్ శరీరంలో కొంతవరకు ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి వెళుతుంది. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా రోజూ పది పదిహేను గ్రాములు తీసుకోవడం మంచిది కాదు. నాకు మొదటి వారాల్లో కడుపు ఉబ్బరం తప్ప మరే ఇబ్బందీ రాలేదు.

ఇప్పుడు నేను వేరే కంపెనీ చేప పొడి వాడుతున్నాను. చేప జాతి పేరు, చర్మమా పొలుసా అన్న వివరం, బ్యాచ్‌వారీ విశ్లేషణ పత్రం, దానితోపాటు సీసం, పాదరసం వంటి భార లోహాల పరీక్ష ఫలితం అడగకుండానే చూపిస్తుంది కనుక దాన్ని ఎంచుకున్నాను. ప్రతి కొత్త డబ్బా వచ్చినప్పుడు అలెర్జీ వాక్యం ఉందో లేదో ముందు చూస్తాను. మోతాదు సగానికి తగ్గించాను. ఇది చదివి మీరు కొనాలా వద్దా అంటే నేను నిశ్చయంగా చెప్పలేను. నా వయసు, నా మోకాలు, నేను వదలని వ్యాయామం కలిసిన ఫలితం ఇది. ముఖం కోసమే అయితే ఈ డబ్బును ఎండ క్రీముకు కేటాయించమంటాను. కీళ్ల కోసమైతే, జంతు మూలం మీకు అభ్యంతరం కానప్పుడు, మూడు నాలుగు నెలలు చూసి, మధ్యలో కొన్ని వారాలు ఆపి తేడా గమనించి, అప్పుడు తేల్చుకోవచ్చు. అక్క మళ్లీ మొదలుపెట్టలేదు. పత్రాలు చూపించినా, ముందు ఒకసారి మారినది మళ్లీ మారదని ఎవరు చెప్పగలరంటోంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.